"చొప్పడిన ఊరు": నిఘంటువు తెరవకుండా ఎంతవరకు చెప్పగలం?

సుమతీ శతకంలో ఈ పద్యం చాలామందికి నోటికి వచ్చిందే.

అప్పిచ్చువాడు వైద్యుడు
నెప్పుడు నెడతెగక పారు నేరును ద్విజుడున్
చొప్పడిన యూరనుండుము
చొప్పడకున్నట్టి యూరు చొరకుము సుమతీ!

"చొప్పడిన" అంటే ఏంటని అడిగితే మాత్రం ఆగిపోతాం. నిఘంటువు చూడకుండా, పద్యంలో ఉన్నదాన్ని బట్టే అర్థం చెప్పండి. ఎలా పట్టుకున్నారో కూడా రాయండి.

మహబూబ్‌నగర్ సభ్యుడు: ఇందుల ఏముందన్నా? చొప్ప అంటే జొన్నచొప్ప. గొడ్లకు మేత దొరికే ఊళ్లె ఉండు, లేని ఊరికి పోకు అని. మా దిక్కు సొప్ప లేకుంటే ఎవుసమే లేదు.

గుంటూరు సభ్యురాలు: చొరబడడం, చొచ్చుకుపోవడం మనకు తెలిసినవే కాబట్టి "చొరకుము" అంటే ప్రవేశించకు అని తేలిపోయింది. మూడో పాదంలో ఉండమన్నాడు, నాలుగో పాదంలో అదే మాటకు "అకున్నట్టి" చేర్చి వెళ్లొద్దన్నాడు. అంటే చొప్పడడం మంచి విషయం. నా లెక్కలో "నచ్చిన ఊరు".

ఇంకొకరు: ఫోన్‌లో పనిచేసే మంచి తెలుగు నిఘంటువు ఏదండీ? ఆఫ్‌లైన్‌ది అయితే ఇంకా మంచిది.

పోస్టు పెట్టినవారు: అది ఇంకో పోస్టులో అడగండి, ఇక్కడ దాన్ని చూడొద్దనే కదా గోల.

రిటైరైన తెలుగు మాష్టారు: గుంటూరు అమ్మాయి సగం దూరం సరిగ్గానే వచ్చింది. మూడు, నాలుగు పాదాలు ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయని చూడడమే మొదటి మెట్టు. కానీ దానివల్ల మాట మంచిదని తెలుస్తుంది, అంతకుమించి తెలియదు. నచ్చిన, పచ్చని, చల్లని, ఏది పెట్టినా ఆ రెండు పాదాలూ నడుస్తాయి. అందుకే పైకి వెళ్లాలి.

పై రెండు పాదాల్లో నలుగురిని చెప్పి ఊరుకున్నాడు, వాళ్లకు క్రియ లేదు. "ఏరును, ద్విజుడున్" చూసి కర్మ అనుకోకండి. ఏరుకు ద్వితీయ "ఏటిని" అవుతుంది, ద్విజుడికి "ద్విజుని" అవుతుంది. ఇక్కడ ను, న్ అన్నవి "కూడా" అని కలిపేవి. అంటే నలుగురూ కర్తలే. వాళ్ల క్రియ ఎక్కడుంది? చొప్పడిన దగ్గరే ఉంది. ఊరు చొప్పడడం కాదు, వైద్యుడు చొప్పడడం, ఏరు చొప్పడడం. ఇప్పుడు జొన్నచొప్ప పెట్టి చూడండి, నలుగురూ గాలిలో వేలాడతారు.

గుంటూరు సభ్యురాలు: మాష్టారూ, "వైద్యుడు నచ్చిన ఊరు" అనొచ్చుగా? కర్త సరిపోయింది కదా.

మాష్టారు: మంచి పట్టే పట్టావమ్మా. అయితే రెండో పాదం చూడు. ముందున్న "నెప్పుడు" వెనకాలే వచ్చేసరికి "నెడతెగక" అని అతుక్కుంది గానీ, నకారం తీసేస్తే మాట "ఎడతెగక". ఆగకుండా పారే ఏరు అన్నమాట. నచ్చడమే లెక్కయితే ఏరు వేసవిలో ఎండిపోకూడదన్న షరతు ఎందుకు? అప్పు కావాల్సినప్పుడు ఇచ్చేవాడుండాలి, జబ్బు చేస్తే వైద్యుడుండాలి, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. అన్నీ అందుబాటు గురించిన మాటలే. కాబట్టి దొరికే, కలిగిన, ఉన్న, ఈ వరుసలో ఏదో ఒకటి.

మహబూబ్‌నగర్ సభ్యుడు: సరే సార్, చొప్ప ఇడిచిపెట్టిన. మరి ద్విజుడు? రెండుసార్లు పుట్టింది అంటే పక్షి అని మా సార్ చెప్పిండు. ఏరు పక్కన పక్షులుంటయ్ గద.

మాష్టారు: పక్షికి, పంటికి కూడా ఆ మాట ఉంది, అబద్ధం కాదు. కానీ "డు" మగవాడిని చెబుతుంది. వరుసలో అప్పిచ్చేవాడు, వైద్యుడు ఉన్నారు. ఊరికి పని చేసిపెట్టే మనిషే అయ్యుండాలి, బ్రాహ్మణుడనే చెప్పుకుంటారు. అయితే ద్విజుడంటే ఎవరో ముందే తెలియని వాడికి ఈ పద్యం చూసినంత మాత్రాన అంతవరకు రాదు, మనిషని మాత్రమే తేలుతుంది.

కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చినవారు: నాకు "ఇగురం" తో ఇలాగే అయింది. ఆఫీసులో "ఆమెకు మస్తు ఇగురం" అంటే ఇగురు కూర బాగా వండుతుందనుకున్నా. తర్వాత ఒకాయన "ఇగురం లేకుండ జీతమంతా ఒకేసారి ఖర్చు పెట్టిండు" అన్నాక గానీ తెలివి, ఉపాయం అని వెలగలేదు. మొదటి వాక్యంలో నా కూర కూడా సరిపోయింది మరి!

గుంటూరు సభ్యురాలు: చొప్పడిన అన్నదాన్ని "అమరిన" అంటే కూడా సరిపోతుందిగా? నలుగురూ చక్కగా కుదిరిన ఊరు. దొరకడం వేరు, అమరడం వేరు.

మాష్టారు: ఈ పద్యం ఒక్కటే ఉంటే ఆ రెండింటినీ విడదీయలేం. రెండూ నలుగురికీ సరిపోతాయి, రెండూ ఎదురు పాదంలో నిలుస్తాయి. ఈ మాట ఒక్క మనిషి గురించో, ఒక్క వస్తువు గురించో వచ్చే ఇంకో పద్యం కావాలి. అక్కడ "అమరిన" పెడితే బెడిసికొడితే తేలిపోతుంది. ఎవరికైనా గుర్తుంటే పెట్టండి.

పోస్టు పెట్టినవారు: తలకు పది చొప్పున పంచడం అంటామే, ఆ "చొప్పు"కూ దీనికీ చుట్టరికం ఉందా మాష్టారూ?

మాష్టారు: వినడానికి అలాగే ఉంది. కానీ జొన్నచొప్ప కూడా వినడానికి అలాగే ఉంది కదా. ఆ పని మాత్రం నిఘంటువుకే వదిలేద్దాం.