మర్మర్ గట్టిగా వినిపిస్తే జబ్బు పెద్దదా, చిన్నదా? వీఎస్‌డీ, టెట్రాలజీ మీద చర్చ

మూడో ఏడాది, గుంటూరు
వార్డులో ఇద్దరు పిల్లల్ని చూశాం. వీఎస్‌డీ, అంటే జఠరికల మధ్య రంధ్రం ఉన్న పాపకి మర్మర్, అదే స్టెత్‌లో వినిపించే అదనపు గుండె చప్పుడు, సన్నగా ఉంది, కానీ సీరియస్ కేసు ఆమెదే అన్నారు. టెట్రాలజీ, అంటే రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు వెళ్ళే దారి కూడా ఇరుకుగా ఉన్న బాబుకి మర్మర్ గట్టిగా ఉంది, వాడు హాయిగా ఆడుకుంటున్నాడు. ఇద్దరికీ జఠరికల మధ్య రంధ్రమే కదా? కేస్ షీట్‌లో గట్టి మర్మర్ అంటే మంచిదని రాయాలా, చెడ్డదని రాయాలా?

ఫైనల్ ఇయర్, బ్రాడీపేట
మంచిదనే రాయి తమ్ముడూ. నీళ్ళ పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార సన్నబడి చప్పుడు పెరుగుతుంది కదా, ఇదీ అంతే. రంధ్రం చిన్నదైతే రక్తం ఒత్తిడితో దూసుకెళ్ళి గట్టిగా మోగుతుంది. పెద్దదైతే రెండు వైపులా ఒత్తిడి సమానమైపోయి చప్పుడు తగ్గుతుంది. టెట్రాలజీకీ ఇదే రూల్. వైవాలో నేను ఇదే చెప్పాను, ఒప్పుకున్నారు.

పిల్లల గుండె డాక్టర్, విజయవాడ
వీఎస్‌డీ గురించి మీరు చెప్పింది సరైనదే. టెట్రాలజీలో జవాబు కుదిరింది గానీ కారణం తప్పు. అందులోనూ రంధ్రం ఉంటుంది, అది పెద్దదే. పెద్దది కాబట్టే దాని గుండా రక్తం చప్పుడు లేకుండా పోతుంది. మనకు వినిపించేది కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకైన చోట పుట్టే చప్పుడు. ఆ దారిలో ఎంత ఎక్కువ రక్తం వెళ్తే అంత గట్టిగా, అంత ఎక్కువసేపు వినిపిస్తుంది. ఇరుకు ఎక్కువైతే రక్తం ఆ దారి వదిలేసి, రంధ్రం మీదుగా నేరుగా బృహద్ధమనిలోకి మళ్ళుతుంది. అప్పుడు మర్మర్ తగ్గుతుంది, బిడ్డ నీలమవుతాడు. మీరు చూసిన బాబుకి చప్పుడు గట్టిగా ఉందంటే ఊపిరితిత్తులకు రక్తం బాగానే చేరుతోందన్న మాట.

ఈ తేడా వైవా కోసం కాదు, బిడ్డ ప్రాణం కోసం తెలియాలి. టెట్రాలజీ ఉన్న ఏడు నెలల బాబు అనుకోండి. పొద్దున్నే లేచి ఏడుస్తూ ఏడుస్తూ నీలంగా మారాడు, ఊపిరి లోతుగా, వేగంగా తీస్తున్నాడు. స్టెత్ పెడితే నిన్నటి చప్పుడు లేదు. "మర్మర్ తగ్గింది, మెరుగే" అని ఎవరైనా రాస్తే ఘోరం. ఆ దారి దాదాపు మూసుకుపోయింది కాబట్టే చప్పుడు లేదు.

స్టాఫ్ నర్స్, పిల్లల వార్డు
బిడ్డ అలా ఒక్కసారిగా నీలమయ్యే స్పెల్ వచ్చినప్పుడు మేము ముందు చేసేది చెబుతాను, విద్యార్థులకు పనికొస్తుంది. బిడ్డను తల్లి ఒళ్ళోనే ఉంచి, రెండు మోకాళ్ళు మడిచి ఛాతీకి ఆనిస్తాం. తల్లి భయపడి ఏడుస్తుంటే ముందు ఆమెకు ధైర్యం చెబుతాం, ఎందుకంటే బిడ్డ ఏడుపు ఆగడమే వైద్యంలో సగం. వెంటనే సూది గుచ్చి ఇంకా ఏడిపించకూడదు. ఆక్సిజన్ కూడా పెడతాం. కానీ ఆక్సిజన్ పెట్టాక కూడా నీలం తగ్గకపోతే చాలామంది కంగారుపడతారు. ఎందుకలా, మేడమ్?

పిల్లల గుండె డాక్టర్, విజయవాడ
ఊపిరితిత్తులకు రక్తమే చేరనప్పుడు ఆక్సిజన్ ఎంత ఇచ్చినా అది ఎక్కే చోటు లేదు సిస్టర్. పెట్టాల్సిందే, కానీ దాని మీదే ఆధారపడకూడదు. మోకాళ్ళు మడిస్తే శరీరం వైపు నిరోధం పెరుగుతుంది. బృహద్ధమనిలోకి మళ్ళుతున్న రక్తానికి అటు దారి కష్టమై కొంత ఊపిరితిత్తుల వైపు తిరుగుతుంది. నడిచే వయసు పిల్లలు ఆడుతూ ఆడుతూ చటుక్కున గొంతుకూర్చునేది అందుకే. దాంతో తగ్గకపోతే మార్ఫిన్, సెలైన్, ఆపైన ప్రొప్రనొలాల్ లాంటి మందులు వస్తాయి. స్పెల్ తగ్గుతున్న కొద్దీ మర్మర్ తిరిగి వినిపిస్తుంది. ఆ తిరిగి రావడమే శుభవార్త.

ఫైనల్ ఇయర్, బ్రాడీపేట
అర్థమైంది మేడమ్. మరి వీఎస్‌డీలో సన్నగా వినిపిస్తే పెద్ద రంధ్రమని ధైర్యంగా చెప్పేయొచ్చా?

పిల్లల గుండె డాక్టర్, విజయవాడ
చెప్పకూడదు. మూసుకుపోతున్న చాలా చిన్న రంధ్రం కూడా సన్నగానే వినిపిస్తుంది. అందుకే చెవితో పాటు బిడ్డను చూడాలి.

ఒక ఉదాహరణ కడదాం. పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు. మొదటి రోజు స్టెత్‌లో ఏమీ లేదు, ఇంటికి పంపేశారు. అది తప్పు కాదు. పుట్టిన కొత్తల్లో ఊపిరితిత్తుల నాళాల్లో నిరోధం ఎక్కువ, అందుకని ఎడమ నుంచి కుడికి పెద్దగా రక్తం పోదు. కొన్ని వారాల్లో ఆ నిరోధం తగ్గుతుంది, అప్పటి నుంచి ఊపిరితిత్తుల్లోకి వరద మొదలు. రెండో నెలకు పాప పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతుంది, నుదురంతా చెమట. మూడో నెలకు 5 కిలోల దగ్గర ఉండాల్సింది 3.7 దగ్గర ఆగింది, ఊపిరి నిమిషానికి 68, కాలేయం పక్కటెముకల కింద చేతికి తగులుతోంది. మర్మర్ సన్నగానే ఉంది, కానీ గుండె కొన దగ్గర మరో చిన్న గుడగుడ వినిపిస్తుంది. ఊపిరితిత్తుల నుంచి తిరిగొచ్చే అదనపు రక్తం మైట్రల్ వాల్వ్ దాటేటప్పుడు వచ్చే చప్పుడది. ఇదంతా కలిపి చూస్తే పెద్ద రంధ్రం. ఎకో తీసి, మందులతో, ఎక్కువ కేలరీలు ఉండే పాలతో బరువు నిలబెడుతూ, మొదటి కొన్ని నెలల్లోనే ఆపరేషన్‌కి సిద్ధం చేస్తాం.

నాకు అన్నిటికంటే భయం వేసేది దీని తర్వాతి దశ. ఆపరేషన్ చేయించకుండా ఉంటే, కొందరిలో ఏడాది దాటేసరికి ఆయాసం, చెమట తగ్గుతాయి, మర్మర్ కూడా తగ్గుతుంది. ఇంట్లో వాళ్ళు నయమైందనుకుంటారు. నిజానికి ఊపిరితిత్తుల నాళాలు బిరుసెక్కి రక్తాన్ని లోపలికి రానివ్వడం లేదు. అప్పుడు గుండె రెండో చప్పుడు గట్టిపడుతుంది. మరీ ముదిరితే ప్రవాహం తిరగబడి నీలం మొదలవుతుంది. ఆ స్థితిలో రంధ్రం మూస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

మంగళగిరి నుంచి ఒక అమ్మ
నేను చదువుకునే దాన్ని కాదండీ. మా బాబుకి రెండేళ్ళు, 3 మిల్లీమీటర్ల రంధ్రం. చప్పుడు చాలా గట్టిగా ఉందన్నారు, ఛాతీ మీద చెయ్యి పెడితే నాకూ అదురుతున్నట్టు తెలుస్తుంది. బరువు బాగానే ఉంది, పరిగెడతాడు. ఇది చదివాక టెన్షన్ ఎక్కువైంది. ఆపరేషన్ వెంటనే చేయించాలా?

పిల్లల గుండె డాక్టర్, విజయవాడ
అమ్మా, బిడ్డను చూడకుండా ఇక్కడ తీర్పు చెప్పలేను. కానీ మీరు చెప్పిన లక్షణాలు పైన చెప్పిన పాపవి కావు. చిన్న రంధ్రానికి గట్టి చప్పుడు, అదురు మామూలే. వీటిలో చాలా వరకు మొదటి కొన్నేళ్ళలో వాటంతటవే మూసుకుంటాయి. చెకప్‌లు మానకండి, పళ్ళు శుభ్రంగా ఉంచండి, ఎందుకంటే నోటి నుంచి సూక్ష్మక్రిములు రక్తంలో చేరితే గుండెకి ఇన్ఫెక్షన్ రావచ్చు. రంధ్రం ఏ చోట ఉందో మీ డాక్టర్ని అడగండి. బృహద్ధమని వాల్వ్ కిందే ఉంటే రంధ్రం చిన్నదైనా ఆ వాల్వ్ రేకు కిందికి జారి లీకవచ్చు. అలాంటప్పుడు మా నిర్ణయం మారుతుంది.

కార్డియాలజీ పీజీ, గుంటూరు
ఇక్కడ నా అభిప్రాయం వేరు మేడమ్. డివైజ్‌తో కాలి నరం గుండా వెళ్ళి మూసే వీలున్నప్పుడు, పదేళ్ళు తల్లిదండ్రుల్ని ఎకోల చుట్టూ తిప్పడం ఎందుకు? తెనాలి, బాపట్ల నుంచి వచ్చే వాళ్ళు రెండుసార్లు వచ్చి మూడోసారి మానేస్తున్నారు. వాల్వ్ లీక్ మొదలైనప్పుడు వాళ్ళు మన దగ్గర లేకపోతే?

పిల్లల గుండె డాక్టర్, విజయవాడ
మానేసేవాళ్ళ సంగతి నిజమే, దాన్ని కాదనను. కానీ ఎక్కువ రంధ్రాలు ఉండే చోటుకి పక్కనే గుండె విద్యుత్ తీగ పోతుంది. అక్కడ డివైజ్ నొక్కితే ఆ విద్యుత్ సంకేతాలు ఆగి హార్ట్ బ్లాక్ రావచ్చు, కొన్నిసార్లు చాలా ఆలస్యంగా. ఇబ్బందేమీ లేని బిడ్డకి పేస్‌మేకర్ తెచ్చిపెట్టే అవకాశం తక్కువైనా సరే, నేను తీసుకోను. కండరం మధ్యలో ఉన్న రంధ్రమైతే మీతో కలిసి ఆలోచిస్తాను.

కార్డియాలజీ పీజీ, గుంటూరు
ఇప్పటి మెత్తటి డివైజ్‌లతో ఆ బ్లాక్ తగ్గిందనే నా నమ్మకం. దీని మీద నేను ఇంకా ఒప్పుకోను మేడమ్.

మూడో ఏడాది, గుంటూరు
రేపు ఆ పాపకి గుండె కొన దగ్గర మళ్ళీ వింటాను. ఆ గుడగుడ స్టెత్ బెల్ వైపు పెట్టి వినాలా, డయాఫ్రమ్ వైపా?

స్టాఫ్ నర్స్, పిల్లల వార్డు
బెల్ వైపు, తేలిగ్గా ఆనించు. పాలు తాగి నిద్రపోయాక రా, ఏడుస్తుంటే ఏదీ వినిపించదు.