గేదెల పుస్తకం ఎలా రాసుకోవాలి? రాసింది ఉంది, పనికి రావట్లేదు

రమణ: నాలుగు గేదెలు, ఒక జెర్సీ క్రాస్ ఆవు. అన్నీ ఒకే నోట్‌బుక్‌లో తేదీల వారీగా రాస్తున్నా. డాక్టరు అడిగినప్పుడు ఏ గేదెకు ఎప్పుడు ఎద సూది వేయించానో దొరకదు. రెండో గేదెకు జనవరి 10న వేయించా. ఫిబ్రవరి 21న మళ్లీ ఎదకొస్తే ఇంకోసారి వేయించా. పొర్లుతోందనుకోవాలా?

సత్తయ్య: దాణాలో మినరల్ మిక్చర్ కలుపు తమ్ముడూ, పాలు పెరుగుతాయి.

రమణ: పాల గురించి కాదన్నా, పుస్తకం గురించి.

వెంకటేశ్వర్లు (గోపాలమిత్ర): ఒక్కో పశువుకు ఒక్కో పేజీ పెట్టండి. పైన చెవి పోగు నంబరు, ఎన్నో ఈత, ఈనిన తేదీ, దూడ పెయ్యా దున్నా. కింద ఎద, సూది, చూడి పరీక్ష.

ఇక మీ తేదీలు చూడండి. రెండింటి మధ్య 42 రోజులు, అంటే రెండు 21లు. జనవరి 31 ప్రాంతంలో ఒక ఎద మీ కంట పడకుండా పోయి ఉండొచ్చు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అరవవు. తెల్లవారుజామున తీగలు వేసిందేమో చూడాలి. 21 రోజులకోసారి మూడుసార్లు తిరిగొస్తే అప్పుడు పొర్లుతున్నట్టు, డాక్టరుకు చూపించాలి. ఇప్పటికైతే మార్చి 14 మీద గుర్తు పెట్టి, రెండ్రోజులు ముందూ వెనకా గమనించండి. ఎదకు రాకపోయినా చూడి కట్టిందని నమ్మొద్దు, మే నెలాఖరులో చెయ్యి పెట్టించి చూడండి.

శ్రీను: చూడి కడితే పది నెలల పది రోజులు. ఆవుకైనా గేదెకైనా అంతే.

వెంకటేశ్వర్లు: గేదెకు సరే, సుమారు 310 రోజులు. ఆవుకు 280 దగ్గరే. ఆవు పేజీలో గేదె లెక్క వేస్తే వట్టగొట్టడం నెల ఆలస్యమవుతుంది. రమణ గారి గేదె ఫిబ్రవరి 21 సూదికి నిలిస్తే డిసెంబరు 28 ప్రాంతంలో ఈనాలి. రెండు నెలల ముందు, అంటే అక్టోబరు చివర్లో పాలు ఆపేయాలి. ఆ తేదీ ఇప్పుడే రాసేయండి.

లక్ష్మి: మందుల గడి కూడా పెట్టుకో తమ్ముడూ. మా గేదెకు పొదుగు వాపు వస్తే ‘సూది వేయించాం’ అని మాత్రమే రాసి ఉంది. మళ్లీ వచ్చినప్పుడు డాక్టరు గారు ఏ చన్ను, ఏ మందు అని అడిగితే ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు ‘వెనక కుడి చన్ను’ అని, మందు పేరు, ఆఖరి సూది తేదీ రాస్తున్నాం. సీసా మీద ఎన్నాళ్లు పాలు వాడొద్దని ఉంటే అన్నాళ్లూ కేంద్రానికి పోయం.

రమణ: పాలు రోజూ కొలిచి రాయాలా అక్కా?

లక్ష్మి: వారానికో రోజు, ఉదయం సాయంత్రం రెండు పూటలూ కొలిస్తే చాలు.

శ్రీను: చాలదు. జబ్బు ముందు తెలిసేది పాలు తగ్గడంలోనే. వారం ఆగితే ఏం తెలుస్తుంది?

లక్ష్మి: తగ్గింది చేతికే తెలుస్తుంది శ్రీనూ, పితికేది నువ్వయితే.