అప్‌డేట్: ఫోటోడయోడ్ యాంప్లిఫయర్‌లో రింగింగ్ తగ్గింది

నా ప్రశ్న: 100 kΩ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్, 10 MHz గెయిన్-బ్యాండ్‌విడ్త్ గల ఆప్-యాంప్‌తో కట్టిన సర్క్యూట్‌లో కాంతి పల్స్ వచ్చినప్పుడల్లా అవుట్‌పుట్ ఎందుకు రింగ్ అవుతోంది?

అప్‌డేట్: డయోడ్ కెపాసిటెన్స్ 80 pF మాత్రమే లెక్కించి, ఆప్-యాంప్ ఇన్‌పుట్, ట్రాక్‌లు కలిపే మరో 20 pF ను విస్మరించడం నా మొదటి పొరపాటు. ఈ 100 pF రెసిస్టర్‌తో కలిసి ఫీడ్‌బ్యాక్‌ను ఆలస్యం చేయడం వల్ల ఫేజ్ మార్జిన్ దాదాపు మిగలలేదు. భయపడి ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు సమాంతరంగా 22 pF కెపాసిటర్ పెట్టినప్పుడు రింగింగ్ పోయింది గానీ, బ్యాండ్‌విడ్త్ సుమారు 72 kHz కు పడిపోయింది. చివరికి సమతల స్పందనకు ఆ కెపాసిటర్ విలువ Cf ను ఈ సూత్రంతో లెక్కించాను:

```
Cf = sqrt(Cin / (π·Rf·GBW)) ≈ 5.6 pF
```

దీనితో బ్యాండ్‌విడ్త్ లెక్క ప్రకారం దాదాపు 400 kHz. పల్స్ అంచున సుమారు 4 శాతం ఓవర్‌షూట్ మాత్రం ఉంటుంది. ఫ్రీక్వెన్సీ స్పందన సమతలంగా ఉన్నా అది సహజమేనని ఇప్పుడే తెలిసింది. ఇంత చిన్న విలువలో రెసిస్టర్ సొంత కెపాసిటెన్స్ కూడా లెక్కకు వస్తుంది కనుక, బోర్డుపైనే సరిచూసుకోవాలి.