కొత్త ఎర్ర చుడీదారు రంగు తెల్ల పంచెకు అంటింది, ఎంత ఉతికినా వదలడం లేదు

గోదారిగట్టు: ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టిన పని మధ్యాహ్నం రెండయినా తెమలలేదు. మా అమ్మాయి కొత్త ఎర్ర చుడీదారును, మా వారి తెల్ల పంచెను పొరపాటున ఒకే బకెట్లో నానబెట్టాను. తీసి చూసేసరికి పంచె అంతా గులాబీ రంగు పట్టింది. నిమ్మకాయ రుద్దాను, సబ్బు మార్చాను, మూడు సార్లు ఉతికాను, అయినా అలాగే ఉంది. ఎల్లుండి ఇంట్లో వ్రతం ఉంది, పీటల మీద కూర్చోవడానికి ఆయనకు ఈ పంచే కావాలి. రంగు పోయే మార్గం తెలిసినవారు దయచేసి చెప్పండి.

రెండుముక్కలు: తెల్లవి, రంగువి కలిపి నానబెట్టకూడదు. బ్లీచింగ్ ద్రవం వేయండి, పోతుంది.

పెరటిబావి: అమ్మా, అసలు తప్పు ఉప్పు వేయకపోవడంలో ఉంది. మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో కొత్త బట్టను గుప్పెడు రాళ్ల ఉప్పు వేసిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారి ఉతుకుతాము. నీళ్లలోకి చుక్క రంగు కూడా దిగదు. ఉప్పు రంగును కట్టేస్తుంది. ఇప్పటి పిల్లలు ఇవన్నీ మరిచిపోయి, యంత్రంలో పడేసి మీట నొక్కడమే ఉతకడం అనుకుంటున్నారు. యంత్రంలో బట్టల అంచులు చిరుగుతాయి, గుండీలు ఊడుతాయి, నీళ్లు కూడా ఎంతో వృథా అవుతాయి.

గోదారిగట్టు: పిన్నిగారూ, నేను యంత్రంలో వేయలేదు. బకెట్లోనే నానబెట్టాను. రంగు దిగకూడదని ఉప్పు కూడా వేశాను. రాత్రంతా అలాగే ఉంచాను.

రంగులబట్టీ: ఈ రెండు మాటలూ మొదటే చెప్పి ఉంటే బాగుండేదమ్మా, అసలు విషయం అక్కడే ఉంది. నేను చీరాల దగ్గర పదిహేడేళ్లు నూలు చిలపలకు, అంటే దారపు కట్టలకు, రంగు వేసిన పనివాడిని. నూలుకు రంగు ఎక్కించేటప్పుడు తొట్టిలో మేము ఉప్పు వేస్తాము. ఎందుకంటే నీటిలో కరిగిన రంగును ఉప్పు నీటిలో నిలవనీయకుండా దారం వైపు నెడుతుంది. మీరు బకెట్లో వేసిన ఉప్పు కూడా సరిగ్గా అదే పని చేసింది. చుడీదారు నుంచి వదిలిన ఎరుపు నీళ్లలో తిరుగుతుంటే, పక్కనే ఉన్న తెల్ల నూలు పంచె దానికి కొత్త చిలప లాగా దొరికింది. రాత్రంతా సమయం కూడా ఉంది కనుక మీరు తెలియకుండానే పంచెకు అద్దకం వేసినట్టయింది.

పిన్నిగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఉప్పునీటిలో రంగు తక్కువ దిగినట్టు కనిపించడం వాస్తవమే. కానీ అది దారానికి కట్టుబడి కాదు, ఉప్పు ఉన్నంతసేపు బయటకు రాలేక ఆగి ఉంటుంది. అదే బట్టను మర్నాడు మంచినీళ్లలో ముంచితే మళ్లీ రంగు దిగడం మొదలవుతుంది.

పెరటిబావి: మరి మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఏ బట్టా పాడు కాలేదే?

రంగులబట్టీ: మీరు కొత్త బట్టను విడిగా నానబెట్టారు గనుక పాడు కాలేదండీ. కాపాడింది ఆ విడిగా ఉంచడమే.

భాషాభిమాని: ఒక చిన్న మనవి. ఇక్కడ అందరూ 'రంగు పోవడం' అనే మాటను మూడు అర్థాలలో వాడుతున్నారు. బట్ట ఎండకు వెలిసిపోతే అది వెలవడం. నీటిలోకి వదిలితే దిగడం. ఇంకో బట్టకు పట్టుకుంటే అంటడం. మూడింటికీ ఒకే మాట వాడితే ప్రశ్న అడిగినవారికి ఏ బట్ట గురించి చెబుతున్నారో అర్థం కాదు.

రెండుముక్కలు: మా ఊళ్లో అన్నిటికీ రంగు పోవడమే అంటాము. పంచె సంగతి చూడండి.

హైదరాబాదీ: నా సమస్య కూడా ఇలాంటిదే. నా కొత్త ముదురు నీలం జీన్స్ ఉతికిన తరువాత కూడా మా సోఫా తెల్ల గుడ్డ మీద నీలం మరకలు పెడుతోంది. వెనిగర్‌లో నానబెడితే ఆగుతుందా?

రంగులబట్టీ: మీది వేరే సంగతి బాబూ. జీన్స్ నీలం నీటిలో కరిగే రంగు కాదు. అది దారం పైన పొడిలాగా అంటుకుని ఉండి రాపిడికి రాలుతుంది. నూలు మీద వెనిగర్ పనిచేయదు. కొన్నాళ్లు విడిగా ఉతకండి.

ఇక చుడీదారు ఎందుకు అంత రంగు వదిలిందో చెబుతాను. ఇప్పుడు నూలుకు ఎక్కువగా వాడే రంగులు దారంతో గట్టిగా ముడిపడే రకం. కానీ తొట్టిలో వేసినదంతా దారంతో ముడిపడదు, కొంత భాగం నీటితోనే కలిసిపోయి, ఆ తరువాత దారాన్ని పట్టుకునే శక్తి లేకుండా ఊరికే లోపల ఇరుక్కుని ఉంటుంది. మరిగే సబ్బునీటిలో చిలపలను ఉడికించి, నీళ్లు తేటపడేవరకు జాడిస్తే అది పోతుంది. కట్టెలు, నీళ్లు, సమయం మిగులుతాయని కొందరు చల్లటి నీళ్లలో రెండు జాడింపులతో సరిపెడతారు. ఆ మిగిలిన జాడింపు మీ ఇంటి బకెట్లో జరుగుతుంది. అందుకే చుడీదారును ఒక్కదాన్నే, ఉప్పు లేకుండా, చెయ్యి పెట్టలేనంత వేడినీటిలో సబ్బు పొడితో పావుగంట ఉంచి జాడించండి. మూడు నాలుగు సార్లకు నీళ్ల రంగు తగ్గుతూ వస్తే అది ఈ రకమే, ఆ తరువాత భయం లేదు. ఎన్నిసార్లయినా నీళ్లు మొదటిసారి అంత ఎర్రగానే ఉంటే వేసినది చవక రకం రంగు, దాన్ని ఎప్పటికీ విడిగా ఉతుక్కోవాలి. ఇంకెప్పుడైనా అనుమానం వస్తే, తడి తెల్ల గుడ్డను కొత్త బట్ట లోపలి కుట్టు మీద రెండు నిమిషాలు గట్టిగా అదిమి చూడండి.

పంచె ఆరిందా, ఇస్త్రీ చేశారా? అంచు ఏ రంగు?

గోదారిగట్టు: ఇంకా తడిగానే ఉందండీ. అంచు జరీ, దాని పక్కన సన్నటి ఆకుపచ్చ గీత. అన్ని పంచెలకూ ఉండేదే కదా అని రాయలేదు.

రంగులబట్టీ: అయితే ఆ బ్లీచింగ్ ద్రవం జోలికి వెళ్లకండి. ఆకుపచ్చ తెల్లబడుతుంది, జరీ నల్లబడుతుంది. ఆక్సిజన్ బ్లీచ్ పొడి మామూలుగా నూలుకు మంచిదే, కానీ జరీలోని రాగి తగిలితే అక్కడి దారం కుళ్లినట్టు చిరిగే ప్రమాదం ఉంది. ఆరబెట్టకుండా, ఇస్త్రీ పెట్టకుండా, ముందు ఉప్పంతా పోయేలా రెండు సార్లు మంచినీళ్లలో జాడించండి. తరువాత అంచులను చుట్టి పైకి కట్టి, మధ్య భాగాన్ని మాత్రమే వేడి సబ్బునీటిలో అరగంట ఉంచి, నీళ్లు మారుస్తూ మూడుసార్లు చేయండి. ఉప్పు లేని వేడినీటిలో ఎక్కిన రంగు చాలావరకు వెనక్కి వస్తుంది. అప్పటికీ మిగిలితే మళ్లీ అడగండి.

రెండుముక్కలు: జరీ సంగతి నాకు తెలియదు. నా సలహా పక్కన పెట్టండి.

పెరటిబావి: సరే, వేడినీళ్లు పోసి చూడమ్మా. కానీ పట్టుచీరకు ఈ వేడినీళ్ల పద్ధతి చెప్పకండి, పట్టు పాడైపోతుంది.

రంగులబట్టీ: నిజమేనండీ, ఇది నూలుకు మాత్రమే.

గోదారిగట్టు: మూడోసారి నీళ్లు లేత గులాబీగా దిగాయి. పంచె చాలావరకు తెల్లబడింది, మడత దగ్గర మాత్రం కొంచెం మిగిలింది. రాత్రికి ఇంకోసారి చేస్తాను. చుడీదారు నీళ్లు మాత్రం ఇంకా ఎర్రగానే వస్తున్నాయి. ధన్యవాదాలు.