రాత్రి రొయ్యల ఇగురు, తెల్లారేసరికి నాలుక వాపు: కారణం రొయ్యలా, బీపీ మాత్రా?

రాజోలు నుంచి, అడిగినవారు: నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్లుగా బీపీకి రామిప్రిల్ వాడుతున్నారు. మొన్న రాత్రి ఎనిమిదింటికి రొయ్యల ఇగురు తిన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి కింది పెదవి వాచింది, ఆరింటికి నాలుక కూడా. ఊళ్లో ఎవిల్, డెకడ్రాన్ ఇంజెక్షన్లు చేశారు, తగ్గలేదు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి, రొయ్యల ఎలర్జీ అని చీటీ రాసి, బీపీ మాత్ర కొనసాగించమన్నారు. నిజంగా రొయ్యలేనా?

చెరువుల రైతు, భీమవరం: రొయ్యలేనండి. చిన్నప్పటి నుంచి తిన్నవాళ్లకి కూడా నలభై, యాభై దాటాక కొత్తగా పడకపోవడం ఉంది. మా చెరువు దగ్గర పట్టుబడికి వచ్చే ఒకాయనకి అలాగే అయ్యింది. ఇక జన్మలో ముట్టుకోవద్దని చెప్పండి.

మత్తు డాక్టరు, కాకినాడ: పెద్ద వయసులో రొయ్యలు పడకపోవడం నిజమే. కానీ ఆ ఎలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు బయటపడుతుంది. ఇక్కడ ఎనిమిది గంటలు గడిచాయి. మూడు విషయాలు చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు, దురద వచ్చాయా? మాట మారిందా? ఇంతకు ముందు ఎప్పుడైనా పెదవి వాచిందా?

రాజోలు నుంచి: దురద, దద్దుర్లు ఏమీ లేవు. మాట మాత్రం నోట్లో తాంబూలం పెట్టుకుని మాట్లాడినట్టు అయిపోయింది. ఉమ్మి మింగలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. రెండు నెలల క్రితం పై పెదవి ఒకరోజు వాచి తగ్గింది, ఏదో పురుగు కుట్టిందనుకున్నాం. ఆ రోజు రొయ్యలు తినలేదు.

మత్తు డాక్టరు, కాకినాడ: నా అనుమానం మాత్ర మీదే. మన ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరేలా చేస్తుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమునే రామిప్రిల్ ఆపుతుంది. అది పేరుకుంటే పెదవి, నాలుక, గొంతు నెమ్మదిగా వాస్తాయి, ఒకటి రెండు రోజులకి వాటంతటవే తీస్తాయి. దురద ఉండదు. ఎలర్జీలో పనిచేసే హిస్టమిన్ వేరు, ఎవిల్ అడ్డుకునేది దాన్నే. అందుకే తగ్గలేదు.

అసలు భయం తువ్వాలు అడ్డం పెట్టుకున్న ఆ గంట గురించి. మాట ముద్దగా మారడం, ఉమ్మి మింగలేకపోవడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, గాలి పీల్చేటప్పుడు గరగర చప్పుడు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గొంతు మూసుకుపోయే దారిలో ఉన్నట్టే. వేలికి పెట్టే మిషన్‌లో 98 చూపించినా నమ్మొద్దు, ఆఖరి దాకా అలాగే చూపిస్తుంది. మనిషిని పడుకోబెట్టకుండా, కూర్చోబెట్టి 108లో తీసుకెళ్లాలి, గొంతులో గొట్టం వేయగల మత్తు డాక్టరు, అవసరమైతే మెడ దగ్గర దారి తెరవగల సర్జన్ ఉన్నచోటికి. నాలుక పూర్తిగా వాచాక గొట్టం వేయడం మాకే కష్టం.

మందుల షాపు, అమలాపురం: రెండేళ్లు పడిన మాత్ర ఇప్పుడు పడదంటే ఎలా సార్? దానికి పొడి దగ్గు వస్తుందని తెలుసు, వాపు నేనెప్పుడూ వినలేదు.

మత్తు డాక్టరు, కాకినాడ: ఆ దగ్గు కూడా ఎక్కువగా ఆ ఎంజైము ఆగడం వల్లే. వాపు వెయ్యిమందిలో కొద్దిమందికే వస్తుంది కాబట్టి మీ కౌంటర్ దాకా రాకపోయి ఉండొచ్చు. మొదలుపెట్టిన వారంలోనూ రావచ్చు, ఏళ్లు గడిచాకా రావచ్చు. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్, ఇలా ప్రిల్ అని ముగిసేవన్నీ ఇదే జాతి. ఒకటి మాని ఇంకొకటి ఇస్తే మార్చినట్టు కాదు.

తణుకు నుంచి ఒక అమ్మ: నాకూ మందు వల్లే అయ్యింది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసిన పావుగంటకి ఒళ్లంతా దద్దుర్లు, వాంతి, పెదాలు వాచి కళ్లు తిరిగాయి. తొడకి అడ్రినలిన్ ఇచ్చారు, పది నిమిషాల్లో తేరుకున్నాను. మీ నాన్నగారికీ అదే ఇప్పించాల్సింది బాబూ.

మత్తు డాక్టరు, కాకినాడ: అమ్మా, మీది మందు వల్లే, కానీ తీరు ఎలర్జీది. దద్దుర్లు, వాంతి, కళ్లు తిరగడం, అంతా నిమిషాల్లో. అలాంటప్పుడు తొడ కండరానికి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ ప్రాణం నిలబెడుతుంది. రామిప్రిల్ వాపుకి అది పెద్దగా పనిచేయదు. అయినా ఏదో తేలనప్పుడు, గొంతు మూసుకుపోతుంటే, ఇవ్వాల్సిందే. ఇచ్చి, తగ్గుతుందేమోనని అక్కడే కూర్చోకుండా బయల్దేరాలి.

మందుల షాపు, అమలాపురం: మరి టెల్మిసార్టన్‌కి మార్చొచ్చా? అదీ దగ్గరి జాతేగా, నేనైతే ఇవ్వను.

మత్తు డాక్టరు, కాకినాడ: చాలామందికి ఇబ్బంది లేకుండా పడుతుంది, కొద్దిమందిలో మళ్లీ వాపు వచ్చింది. మాలో మాకే దీని మీద ఒక మాట లేదు. నేనైతే ముందు ఆమ్లోడిపిన్ అడుగుతాను. ఏదైనా రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి ఇవాళే మార్పించాలి.

చెరువుల రైతు, భీమవరం: అయితే ఆయన రొయ్యలు తినొచ్చన్నమాట!

మత్తు డాక్టరు, కాకినాడ: ఇప్పుడే వద్దండి. మాత్ర మానేశాక కూడా కొన్ని వారాలు వాపు తిరిగి రావచ్చు. ఆ రోజుల్లో తింటే మళ్లీ రొయ్యల మీదకే నింద పోతుంది. ఎలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష అయ్యాక చూద్దాం.

రాజోలు నుంచి: రామిప్రిల్ మాత్రల షీటు తీసేశానండి. చేతిసంచిలో ఇంకొకటి దొరికింది, అదీ తీసేశాను. చీటీ పట్టుకుని ఇప్పుడే బీపీ డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం.