కుండీ దానిమ్మకి పూత బాగుంది, పిందె నిలవట్లేదు

అందరికీ నమస్తే. మాది ఉప్పల్, డాబా మీద పొద్దంతా ఎండే. మూడేళ్ల కిందట భగువా రకం దానిమ్మ అంటు మొక్క తెచ్చి 12 అంగుళాల కుండీలో పెట్టాను. జనవరిలో కొమ్మలన్నీ సగానికి కత్తిరించి, పదిహేను రోజులకోసారి చెంచాడు యూరియా వేశాను. చిగుళ్లు గుబురుగా వచ్చాయి, మార్చిలో నలభై దాకా పూలు పూశాయి, నిలిచింది మాత్రం మూడే పిందెలు.

రాలినవి ఏరి చూశాను. చాలావాటికి అడుగు సన్నగా గంటలా ఉంది, అవి మగపూలు కాబట్టి రాలడం మామూలే. కానీ అడుగు ఉబ్బి చిన్న కూజాలా ఉన్నవి, అంటే కాయ కట్టాల్సినవి కూడా పది దాకా రాలిపోయాయి, అదే నా బాధ. ఏప్రిల్‌లో పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికే ఆకులు వాలిపోయేవి, కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికొచ్చాయి. మిగిలిన మూడింట్లో ఒక కాయ పగిలింది కూడా, ఒకరోజు మట్టి పూర్తిగా ఎండిపోయి మర్నాడు బాగా తడిపినందుకే అనుకుంటున్నా.

నా అనుమానం కుండీ చాలట్లేదని, యూరియా ఎక్కువై బలమంతా ఆకుకే పోయిందని. 18 అంగుళాల కుండీ సరిపోతుందా, 24 కావాలా? డాబా మీద బరువు కూడా చూసుకోవాలి. వానలు మొదలయ్యాక మార్చితే వేర్లు తట్టుకుంటాయా? మొక్క మొదలు దగ్గర వస్తున్న పిలకలన్నీ తీసేసి మూడు నాలుగు కాండాలే ఉంచాలా? తేనెటీగలు పెద్దగా రావు, బ్రష్‌తో పుప్పొడి అద్దితే పిందె పెరిగిందా మీకెవరికైనా? కుండీలో కాయించినవాళ్లు మీ కుండీ సైజుతో సహా చెప్పండి.