సౌర తుఫానుకు అరగంట ముందు మాత్రమే కచ్చితంగా తెలిస్తే గ్రిడ్‌ను ఎలా కాపాడతారు?

విద్యుత్ సరఫరా రంగంలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్ గ్రిడ్ సుమారు 90 సెకన్లలో కుప్పకూలి, 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకట్లో ఉండిపోయారు. కారణం కొంతవరకు తెలుసుకున్నాను. సూర్యుడి నుంచి వచ్చిన ప్లాస్మా మేఘం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు నేలలో విద్యుత్ క్షేత్రం పుట్టింది. అక్కడి గట్టి రాతిలో కరెంటు తేలికగా పారదు, పొడవైన లైన్లు దానికి దారి ఇచ్చాయి. దాదాపు డీసీ లాంటి ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల కోర్‌ను సంతృప్తపరిచి హార్మోనిక్స్ అనే అధిక పౌనఃపున్యపు అదనపు అలలను పుట్టించింది. వోల్టేజీని నిలబెట్టాల్సిన కాంపెన్సేటర్లు ఆ హార్మోనిక్స్ వల్లే వరుసగా ట్రిప్ అయ్యాయి. రక్షణ కోసం పెట్టిన రిలేలే గ్రిడ్‌ను పడగొట్టాయన్నమాట!

నా సందేహం హెచ్చరిక గురించి. పదకొండేళ్ల సూర్యమచ్చల చక్రం ఏ సంవత్సరాల్లో ముప్పు ఎక్కువో చెబుతుంది, రోజు చెప్పదు. 2003 అక్టోబరు తుఫానులైతే చక్రం శిఖరం దాటిన రెండేళ్లకు వచ్చాయి. మేఘం బయలుదేరడం ఒకటి రెండు రోజుల ముందే కనిపిస్తుంది. కానీ దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే భూమికి పెద్ద దెబ్బ. ఆ సంగతి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాన్ని మేఘం తాకాకే కచ్చితంగా తెలుస్తుంది. ఇక మిగిలేది గంటలోపు సమయం.

అంత తక్కువ వ్యవధిలో కంట్రోల్ రూమ్‌లో మొదట ఏమి చేస్తారు? లైన్లపై లోడు తగ్గిస్తారా? ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లో ఎన్ని ఆంపియర్ల డీసీ కనిపిస్తే దాన్ని సర్వీసు నుంచి తప్పిస్తారు?